పెళ్లికూతురి ముంగురులు: ఒక ఫొటో దిద్దుబాటు డైరీ

సోమవారం రాత్రి

ఈ వారమంతా ఒకే ఫొటో మీద పని. వరంగల్ కోటలో, నాలుగు కీర్తి తోరణాలలో ఒకదాని ముందు నిలబడిన పెళ్లికూతురు. సాయంత్రం ఎండ ఆమె ఎడమ భుజం వెనక నుంచి పడుతోంది. గాలి బాగా వీచిన రోజు. నడుము వరకు తీసిన నిలువు ఫొటో, 4000×6000 పిక్సెళ్లు. ఆల్బం మొదటి పేజీ కోసం 12×18 అంగుళాల ప్రింటు వేయాలి. అంటే అంగుళానికి 333 పిక్సెళ్లు. తల పక్కన ఎగురుతున్న ఒక్కో వెంట్రుక మూడు నాలుగు పిక్సెళ్ల మందం ఉంది. ప్రింటులో అది పావు మిల్లీమీటరుకు కాస్త పైన. చేతిలో పట్టుకుని చూసే ఆల్బంలో అది కచ్చితంగా కంటపడుతుంది.

ఫొటో తీసిన అన్న ఫోనులో చెప్పింది రెండే మాటలు. "చెల్లీ, తల చుట్టూ ఎగిరే జుట్టంతా తీసెయ్యి. నుదుటి దగ్గర కూడా శుభ్రం చెయ్యి."

హన్మకొండలో మా ఇంటి ముందుగదే నా స్టూడియో. పిల్లలు పడుకున్నాక కూర్చున్నాను. ఫొటోషాప్‌లో స్పాట్ హీలింగ్ బ్రష్ తీసుకుని తల అంచు వెంబడి ఎగిరే వెంట్రుకలన్నిటి మీదా వరుసగా రుద్దుకుంటూ పోయాను. ఇరవై నిమిషాలు పట్టింది. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. 100 శాతానికి పెంచి చూశాక మాత్రం తల చుట్టూ సిరా ఒలికినట్టు నల్లటి మరకలు కనిపించాయి. కొన్నిచోట్ల ఆకాశం జుట్టులోకి కారింది, కొన్నిచోట్ల జుట్టు ఆకాశంలోకి కారింది.

అలా ఎందుకైందో నాకు తెలుసు. తెలిసి కూడా తొందరపడ్డాను. హీలింగ్ అనేది ఒకచోటి నుంచి మచ్చులాగా గరుకుదనాన్ని తెచ్చి, రంగునూ వెలుగునూ మాత్రం మనం గీసిన గీత చుట్టుపక్కల నుంచి తీసుకుంటుంది. గీతకు రెండు వైపులా ఒకే రకం ఆకాశం ఉంటే ఆ లెక్క చక్కగా కుదురుతుంది. ఒకవైపు ఆకాశం, మరోవైపు నల్లటి జుట్టు ఉంటే రెండింటినీ కలిపి మధ్యరకం బూడిదరంగు పూస్తుంది. క్లోన్ స్టాంప్‌కు ఈ తెలివి లేదు. అక్కడ ఉన్నదాన్ని ఉన్నట్టు తెచ్చి ఇక్కడ పెడుతుంది, చుట్టుపక్కల ఏముందో చూడదు. తల అంచు దగ్గర మనకు కావలసింది సరిగ్గా ఆ తెలివితక్కువతనమే.

చేసినదంతా చెరిపేశాను. పని ఖాళీ లేయర్ మీదే చేశాను కాబట్టి అసలు ఫొటోకు ఏమీ కాలేదు.

మంగళవారం రాత్రి

ఇవాళ గంటసేపు బ్రష్ ముట్టుకోలేదు. ఫొటోను 100 శాతంలో పెట్టి, ఎడమ చెవి నుంచి మొదలుపెట్టి కుడి చెవి దాకా తల చుట్టూ తిరిగాను. ఏ వెంట్రుకను తీయాలో, దేన్ని ఉంచాలో ముందే తేల్చుకోవాలనిపించింది.

ముఖం మీదుగా పోయేవి నాలుగున్నాయి. ఒకటి కనుబొమ్మను దాటి కంటిరెప్ప దాకా వచ్చింది. వాటిని తీయాల్సిందే, అందులో వాదన లేదు. తల అంచు నుంచి బయటకు పొడుచుకుని, వంకర తిరిగి, చూపును తమవైపు లాగేవి ఓ ముప్పై ఉంటాయి. అవీ పోవాలి. ఇవి కాక అంచు పొడవునా నూగులాగా, అంగుళంలో ఇరవయ్యో వంతు కూడా లేని పొట్టి వెంట్రుకలు వందల్లో ఉన్నాయి. వెనక నుంచి పడిన ఎండకు అవి బంగారు దారాల్లా మెరుస్తున్నాయి. తల గుండ్రంగా, మెత్తగా కనిపిస్తున్నది వాటివల్లే. నిన్న నేను వాటిని కూడా తుడిచేశాను. అందుకే ఆమె తల కత్తెరతో కాగితంలో కోసి అంటించినట్టు కనిపించింది.

ఇంకొకటి కూడా గమనించాను. పొడవాటి వెంట్రుకను సగం తీయడం కుదరదు. బయటి భాగాన్ని చెరిపి అంచు దగ్గర ఆపితే, అక్కడ మోడు మిగులుతుంది. తెగిన వెంట్రుకకు మొన ఉండదు, మొద్దుగా ఉంటుంది. అలాంటివి పది చోట్ల ఉంటే, ఏమిటో చెప్పలేకపోయినా ఏదో తేడా ఉందని చూసినవాళ్లకు తెలుస్తుంది. కాబట్టి తీయదలచుకున్న వెంట్రుకను అది జుట్టులో కలిసే చోటి దాకా వెంబడించి, అక్కడ ముగించాలి.

ఈ ఎంపిక అయ్యాకే పని మొదలుపెట్టాను. మూడు ఖాళీ లేయర్లు వేసి, ఆకాశం, రాయి, నుదురు అని పేర్లు పెట్టాను. హీలింగ్ బ్రష్‌కూ, క్లోన్ స్టాంప్‌కూ పైన ఉండే Sample పెట్టెలో `Current & Below` ఎంచుకున్నాను. అప్పుడు మచ్చు కింది ఫొటో నుంచి వస్తుంది, గీసినది మాత్రం ఖాళీ లేయర్ మీద పడుతుంది. తప్పు జరిగితే ఆ ముక్క ఒక్కటే రబ్బరుతో చెరిపితే చాలు.

బుధవారం రాత్రి: ఆకాశం వైపు

ఆమె తలకు కుడివైపు వెనక ఉన్నది ఆకాశం. లేత రంగు, కిందికి వచ్చేకొద్దీ ఇంకా తెల్లబడుతోంది. దాని మీద వెంట్రుకలు నల్లగా ఉన్నాయి. అన్నిటికన్నా తేలిక ఇదే.

తల నుంచి దూరంగా ఉన్న భాగానికి హీలింగ్ బ్రష్ వాడాను. సైజు 12 పిక్సెళ్లు, అంటే వెంట్రుక మందానికి మూడు రెట్లు. హార్డ్‌నెస్ పూర్తిగా 100. మెత్తటి అంచుతో హీలింగ్ చేస్తే ఆ అంచుల దగ్గర ఆకాశంలోని సన్నటి గరుకుదనం పలచబడి, అక్కడొక నున్నటి బాట ఏర్పడుతుంది. ఆల్ట్ పట్టుకుని పక్కనే శుభ్రంగా ఉన్న ఆకాశం మీద నొక్కి మచ్చు తీసుకున్నాను. మొన దగ్గర మొదలుపెట్టి, వెంట్రుక వంపు వెంబడే ఒక్క గీతలో లోపలికి వచ్చాను. తల అంచుకు ఇరవై పిక్సెళ్ల దూరంలో ఆగాను. ఆ ఇరవై పిక్సెళ్లే ఈ పనిలో అసలు సరిహద్దు. అది దాటితే సోమవారం నాటి సిరా మరకలు మళ్లీ వస్తాయి.

మిగిలిన ఆ చిన్న ముక్కకు క్లోన్ స్టాంప్. ఇక్కడ ఒక ఉపాయం ఉంది. ఆకాశం లేయర్ బ్లెండ్ మోడ్‌ను `Lighten` చేశాను. అలా చేస్తే ఆ లేయర్ మీద గీసినదాంట్లో కింద ఉన్నదానికన్నా తెల్లగా ఉన్నదే కనిపిస్తుంది. ఆకాశం మచ్చును నల్లటి వెంట్రుక మీద పూస్తే వెంట్రుక మాయమవుతుంది. చుట్టూ ఉన్న ఆకాశం దాదాపు అంతే తెలుపు కాబట్టి దానికేమీ కాదు. బ్రష్ గీత పెద్దగా కనిపించదు.

దీన్ని చూసినప్పుడల్లా నాకు పని నేర్పిన కాజీపేట స్టూడియో మాస్టారు గుర్తొస్తారు. బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో ఆయన నెగటివ్ మీదే సన్నటి పెన్సిల్‌తో దిద్దేవారు. నల్లటి వెంట్రుక నెగటివ్‌లో పారదర్శకంగా ఉంటుంది. ఆ ఖాళీని పెన్సిల్ గీతతో నింపితే ప్రింటులో వెంట్రుక తెల్లబడి ఆకాశంలో కలిసిపోయేది. పెన్సిల్ ప్రింటును తెల్లబరచగలదు కానీ నల్లబరచలేదు. `Lighten` చేసేదీ అదే.

జాగ్రత్త పడాల్సిన విషయం ఒకటుంది. కింద ఇంకా తెల్లగా ఉన్న ఆకాశం నుంచి మచ్చు తీసి పైన పూస్తే, వెంట్రుకతోబాటు చుట్టూ ఉన్న ఆకాశం కూడా తెల్లబడి మబ్బు మరకలా తేలుతుంది. మొదటి మూడు వెంట్రుకల దగ్గర నాకదే జరిగింది. మచ్చును అదే ఎత్తు నుంచి, పక్కగా తీసుకున్నాక సరిపోయింది. తల అంచుతో కూడా జాగ్రత్తగానే ఉండాలి. జుట్టంతా నలుపే కాబట్టి `Lighten` లేయర్ మీద బ్రష్ జారి లోపలికి పోతే, తలలోకి ఆకాశం ముక్క దిగబడుతుంది. వెంట్రుకకూ జుట్టుకూ తేడా దానికి తెలియదు.

చివర్లో పైన ఒక కర్వ్స్ లేయర్ వేసి, గీతను బాగా నిటారుగా లాగాను. కాంట్రాస్ట్ విపరీతంగా పెరిగి, మామూలుగా కంటికి ఆనని మరకలన్నీ బయటపడ్డాయి. కుడి చెవి పైన రెండు చోట్ల తెల్లటి గుండ్రాలు కనిపించాయి. వాటిని చెరిపి మళ్లీ చేశాను. ఆ కర్వ్స్ లేయర్ చూసుకోవడానికే. దాని పక్కనున్న కంటి గుర్తు మూసి, దాన్ని దాచేసి పడుకున్నాను.

గురువారం రాత్రి: రాయి వైపు

ఎడమవైపు కథ పూర్తిగా వేరు. అక్కడ వెనక తోరణం స్తంభం ఉంది. నీడలో ఉన్న రాయి, చీకటిగా ఉంది. ఎండ తగిలిన వెంట్రుకలు దాని ముందు తెల్లగా, బంగారు రంగులో వెలుగుతున్నాయి. కాబట్టి లేయర్ మోడ్ తిరగబడాలి. రాయి లేయర్‌కు `Darken` పెట్టాను.

కానీ ఇక్కడ మోడ్‌తోనే పని అయిపోదు. రాయి మీద చెక్కడం ఉంది. ఒక వెంట్రుక సరిగ్గా చెక్కడపు పట్టీ మీదుగా అడ్డంగా పోయింది. హీలింగ్ బ్రష్‌తో గీస్తే పట్టీ అంచు ఆ మేరకు కరిగి మైనంలా అయింది. క్లోన్ స్టాంప్‌తో పక్కన ఎక్కడినుంచో రాయిని తెచ్చి పూస్తే పట్టీ విరిగినట్టు కనిపించింది.

కుదిరిన పద్ధతి ఇది. చెక్కడం ఒకే వరుసలో మళ్లీ మళ్లీ వస్తుంది. వెంట్రుక దాటిన చోట పట్టీ పై అంచు ఎక్కడుందో చూసి, అదే పట్టీలో కాస్త కిందుగా, అదే ఆకారం మళ్లీ వచ్చిన చోట, అదే అంచు మీద ఆల్ట్ నొక్కి మచ్చు తీసుకున్నాను. తర్వాత బ్రష్‌ను వెంట్రుక దాటిన అంచు మీద సరిగ్గా నిలిపి మొదటి చుక్క పెట్టాను. బ్రష్ గుండ్రంలో మచ్చు నీడగా ముందే కనిపిస్తుంది కాబట్టి అంచుకు అంచు కలిసిందో లేదో నొక్కకముందే తెలుస్తుంది. ఆ మొదటి చుక్క కుదిరితే మిగతా గీత దానంతట అదే కుదురుతుంది. కుదరకపోతే ఎంత పూసినా లాభం లేదు, రద్దు చేసి మళ్లీ మచ్చు తీసుకోవాలి. ఒక్క వెంట్రుకకు పదకొండు సార్లు ప్రయత్నించాను.

మచ్చు తీసే చోటు ఎంత దూరాన ఉందన్నదీ ముఖ్యమే. స్తంభం ముందు భాగం కాస్త స్పష్టంగా, వెనక భాగం మసకగా ఉంది. స్పష్టమైన రాయిని తెచ్చి మసక రాయి మీద పెడితే అతుకు కనిపిస్తుంది.

ఎడమవైపు తీసింది పన్నెండు వెంట్రుకలే. ఎండకు మెరిసే నూగును ఒక్కటి కూడా ముట్టుకోలేదు. రాయి నలుపుకూ జుట్టు నలుపుకూ మధ్య తల ఎక్కడ ముగుస్తుందో చెబుతున్నది ఆ మెరుపే.

శుక్రవారం రాత్రి: నుదురు, పాపిట

నేను ఎక్కువగా భయపడింది ఈ భాగానికే.

ముఖం మీదుగా పోయిన నాలుగు వెంట్రుకలు హీలింగ్ బ్రష్‌కు సులువుగా లొంగాయి. రెండు వైపులా చర్మమే కాబట్టి అది తన పని చక్కగా చేసింది. మచ్చును మాత్రం దగ్గర్లోనే తీసుకున్నాను. బుగ్గ మీది చర్మం గరుకు వేరు, నుదుటి మీది గరుకు వేరు. కనుబొమ్మను దాటే చోట మళ్లీ క్లోన్ స్టాంప్. అక్కడ కనుబొమ్మ వెంట్రుకల దిశలోనే చిన్న చిన్న గీతలు గీశాను.

ఇక పాపిట. పెళ్లికూతురికి పాపిడి బిళ్ల పెట్టారు. దాని గొలుసుకు రెండు పక్కలా పాపిట కనిపిస్తోంది, మొదట్లో కుంకుమ ఉంది. గొలుసు లాగడంవల్ల కాబోలు కొన్ని వెంట్రుకలు పాపిటను అడ్డంగా దాటి, గీత వంకరటింకరగా ఉంది. వాటిలో ఒకదాని మీద హీలింగ్ బ్రష్ గీయగానే, పక్కనున్న చర్మం గులాబీ రంగుకు తిరిగింది. నాలుగైదు పిక్సెళ్ల దూరంలో ఉన్న కుంకుమ ఎరుపును బ్రష్ చుట్టుపక్కల రంగుగా లెక్కవేసింది. చూడడానికి పాపిటలో చర్మం కందినట్టు ఉంది. సోమవారం జరిగిన తప్పే ఇది. అక్కడ నలుపు కారితే ఇక్కడ ఎరుపు కారింది.

కుంకుమకు దగ్గరలో ఉన్నవన్నీ క్లోన్ స్టాంప్‌తోనే చేశాను. 6 పిక్సెళ్ల బ్రష్, హార్డ్‌నెస్ 60. పాపిట చర్మం మచ్చును పాపిట పొడవునే, గీత దిశలోనే తీసుకున్నాను. పాపిటను గీత గీసినట్టు తిన్నగా చేయలేదు. దువ్వెన మొనతో తీసిన పాపిట ఎంత తిన్నగా ఉంటుందో అంతే. అంతకన్నా తిన్నగా ఉంటే సవరంలా కనిపిస్తుంది.

కుడి కణత దగ్గర జుట్టు పలచగా ఉంది. గట్టిగా వెనక్కి దువ్వి జడ వేయడంవల్ల అక్కడ చర్మం ఎక్కువగా కనిపిస్తోంది. ఎడమ కణత నిండుగా ఉంది కదా, దాన్నే తిప్పి ఇక్కడ పెడదామని మొదట అనిపించింది. పెట్టి చూశాను. ఎడమవైపు ఎండ మెరుపు ఉంది, కుడివైపు లేదు. తిప్పగానే సూర్యుడు రెండు వైపులా ఉన్నట్టయింది. తీసేశాను.

అదే వైపు, కణతకు కాస్త వెనక ఉన్న జుట్టే సరిపోయింది. కానీ అక్కడ వెంట్రుకలు దాదాపు అడ్డంగా పోతున్నాయి, కణత దగ్గర కాస్త పైకి లేచి పోతున్నాయి. క్లోన్ సోర్స్ ప్యానెల్‌లో కోణం 12 డిగ్రీలు తిప్పితే దిశ కలిసింది. అపాసిటీ 100 లోనే ఉంచాను. దాన్ని 40కి తగ్గించి పూస్తే పాత వెంట్రుకా, కొత్త వెంట్రుకా ఒకదాని మీద ఒకటి కనిపించి మసకగా అవుతుంది. పలచగా కావాలనుకున్న చోట గీతల సంఖ్య తగ్గించాలే తప్ప గీతను పలచన చేయకూడదు. లోపల ఎక్కువ గీతలు, ముఖం వైపు వచ్చేకొద్దీ తక్కువ, చివర్లో చర్మం మీద విడివిడిగా రెండు మూడు. జుట్టు నుదుటి దగ్గర మొదలయ్యేది అలాగే.

అన్న చెప్పిన "శుభ్రం" నుదుటి మీద ఎంతవరకు అన్నది మిగిలింది. నుదుటి అంచు పొడవునా పసిపిల్లల జుట్టులాంటి ముంగురులు ఉన్నాయి. సగం తీశాను, సగం ఉంచాను. ఆ నిర్ణయం మీద నాకు నమ్మకం కలగలేదు.

శనివారం

పెళ్లికూతురి తల్లి ఆల్బం పేజీల ఎంపిక కోసం అన్నతో కలిసి వచ్చారు. ఫొటోను స్క్రీన్ మీద పెట్టాను. తల చుట్టూ చేసిన పనిని ఆమె గమనించనేలేదు, నాకు కావలసిందీ అదే. నుదురు దగ్గర మాత్రం ఆగిపోయారు.

"బిడ్డా, ఇక్కడ చిన్న వెంట్రుకలు ఉండాలి కదా. పుట్టినప్పటి నుంచి మా అమ్మాయి నుదురు అట్లాగే ఉంటుంది. నూనె పెట్టి ఎంత దువ్వినా అణగవు."

"తీసేశానమ్మా. మళ్లీ తెచ్చేస్తాను," అన్నాను.

"ఎట్లా తెస్తావు? పోయినవి పోలేదా?"

నుదురు లేయర్ కన్ను మూసి చూపించాను. అన్నీ వచ్చేశాయి. ఆమె నవ్వుతూ స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఇవి ఉంచు. ఈ పొడుగుది మాత్రం తీసెయ్యి, ఇది గాలికి వచ్చింది," అన్నారు.

అయిదు రాత్రులు నేను వెతికిన కొలత ఆ మాటలో దొరికింది. గాలికి వచ్చినది వేరు, పుట్టుకతో వచ్చినది వేరు. గాలికి లేచిన వెంట్రుక పొడవుగా ఉంటుంది, దాని కుదురు తల వెనక ఎక్కడో ఉంటుంది. ముంగురులు పొట్టిగా, నుదుటి అంచులోనే పుట్టి అక్కడే ముగుస్తాయి. ఒక్కోదాని మొన వెతికి కుదురు దాకా వెళ్తే ఏది ఏదో తెలిసిపోతుంది. ఆ లెక్కన నుదురు లేయర్ మీద రబ్బరు పట్టుకుని, నేను తీసేసిన పొట్టివాటిని ఒక్కొక్కటిగా బయటకు తెచ్చాను. పొడవైనవి తొమ్మిది మాత్రం తీసినట్టే ఉంచాను.

అన్న కాసేపు చూసి, "ఇట్లాగే బాగుంది చెల్లీ," అని మాత్రం అన్నారు.

ఆదివారం

తల చుట్టూ ఉన్న భాగాన్ని మాత్రం కత్తిరించి, అసలు సైజులోనే ఒక ముక్క ప్రింటు వేయించాను. పెద్ద ప్రింటు ఖర్చు పెట్టకముందే తప్పు తెలియాలి కదా. కిటికీ దగ్గర పగటి వెలుగులో చూశాను. ఆకాశం వైపు ఏ మరకా లేదు. పాపిట శుభ్రంగా ఉంది, కుంకుమ తన చోటే ఉంది. రాయి వైపు ఒక చోట మాత్రం తేడా దొరికింది. చెక్కడంలోని ఒక చిన్న పగులు రెండుసార్లు వచ్చింది, ఒకదాని కింద ఒకటి. స్క్రీన్ మీద అది నాకు కనిపించలేదు. మచ్చు తీసిన చోట ఉన్న పగులు, పూసిన చోటికీ వచ్చేసింది.

వేరేచోటి నుంచి 8 పిక్సెళ్ల బ్రష్‌తో మచ్చు తీసి, పైనున్న పగులును రెండు చుక్కలతో మూసేశాను. లేయర్లు అన్నీ విడివిడిగా ఉంచి ఒక ఫైలు, ప్రింటు కోసం కలిపేసిన ఫైలు ఇంకొకటి దాచాను. సాయంత్రం రెండోదాన్ని అన్నకు పంపాను. ఇదే వరుసలో పక్కకు తిరిగి నిలబడిన ఫొటో ఇంకొకటి ఉంది. దాంట్లో మెడ మీది వెంట్రుకలు మల్లెపూల దండ మీదుగా పోతున్నాయి. తెల్లటి పూలు, నల్లటి జడ, మధ్యలో చర్మం. రేపు రాత్రి దాన్ని తెరవాలి.